‘మీరు’ అంటే ఎంతమంది

మా చెల్లెలి రెండో పెళ్లికి శుభలేఖ రాసే పని నా మీద పడింది. మహబూబాబాద్‌లో హైస్కూల్లో తెలుగు చెప్తాను కాబట్టి, ఇంట్లో ఏది రాయాలన్నా నాకే అప్పగిస్తారు. ఈసారి మాత్రం చెల్లె ఫోన్లో ఒక షరతు పెట్టింది.

“పిల్లలు రావొద్దక్కా. కానీ పిల్లలు రావొద్దని రాయొద్దు.”

చెల్లె జనగామలో ఒక దవాఖానలో నర్సు. ముప్పై ఆరేళ్లు. మొదటి పెళ్లి గార్ల వైపు సంబంధం. పిల్లలు పుట్టలేదని ఎనిమిదేళ్లు మాటలు పడి, చివరికి విడాకులతో బయటపడింది. ఇప్పుడు చేసుకోబోయే ఆయన భూపాలపల్లిలో బొగ్గు గనిలో ఉద్యోగి. భార్య పోయి మూడేళ్లయింది. ఏడేళ్ల పాప ఉంది. మనిషి నెమ్మది, మాట తక్కువ. పెళ్లి జనగామలోనే రిజిస్ట్రార్ ఆఫీసులో, ఆ తర్వాత ఒక హోటల్ మేడ మీది చిన్న హాల్లో భోజనాలు. అరవై మంది కూర్చుంటే హాలు నిండిపోతుంది.

హాలు చిన్నదనే కారణం నిజమే. అసలు కారణం మాత్రం ఆ పాప.

సంబంధం కుదిరిన కొత్తలో ఆయన పాపను తీసుకొని కేసముద్రం వచ్చాడు. అక్కడ మా అన్నకు ఎరువుల దుకాణం ఉంది. అమ్మ కూడా అన్న దగ్గరే ఉంటుంది. పెద్దవాళ్లమంతా ముందుగదిలో చాయ్ తాగుతూ మాట్లాడుకుంటున్నాం. పిల్లలు మేడ మెట్ల మీద ఆడుకుంటున్నారు. నేను కప్పులు తీసుకొని వంటగదిలోకి పోతుంటే మా అన్న కూతురి గొంతు వినిపించింది. దానికి పదకొండేళ్లు. “మీ అమ్మ సచ్చిపోయిందట గద? మరి మా చిన్నత్తను నువ్వు అమ్మ అంటవా?” అని అడిగింది. పక్కన ఉన్న దాని తమ్ముడు, ఇరుగింటి పిల్లలు, అందరూ ఆ పాప ముఖంలోకి చూస్తున్నారు. అడిగినదాని గొంతులో వెక్కిరింపు లేదు. తెలుసుకోవాలనే అడిగింది. పాప జవాబు చెప్పలేదు. లేచి వెళ్లి వాళ్ల నాన్న పక్కన కూర్చుంది. ఆ రోజంతా ఆయన చొక్కా అంచు వదల్లేదు.

ఆ తర్వాత పెళ్లికి రానంటే రానంది. అందరూ చూస్తరు, పిల్లలు అడుగుతరు అని ఒకటే పట్టు. చెల్లె భూపాలపల్లి వెళ్లి, నిన్నెవ్వరూ ఏమీ అడగరు, అడిగే పిల్లలు ఎవరూ అక్కడ ఉండరు అని మాట ఇచ్చింది. ఆ మాట మీదే పాప ఒప్పుకుంది.

ఈ సంగతి తెలిసింది మా ముగ్గురికే. చెల్లెకు, కాబోయే మరిదికి, నాకు. ఎవరికీ చెప్పొద్దని చెల్లె నా చేత ఒట్టు వేయించుకుంది. చెప్తే పాప మీద అందరికీ జాలి పుడుతుందని, ఆ జాలి చూపులు ప్రశ్నల కంటే అన్యాయమని ఆమె భయం. పైగా చెప్పాల్సి వస్తే మా అన్న కూతురి పేరెత్తాలి.

జనగామలో ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్లాం. కంప్యూటర్ ముందున్న అతను తన దగ్గరున్న పాఠం తెర మీద చూపించాడు. అన్ని కార్డుల్లోనూ ఉండేదే. సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన. సపరివార సమేతంగా అంటే పిల్లాజెల్లా అంతా రమ్మన్నట్టే. దాన్ని తీసెయ్యమన్నాను. తీసేస్తే కార్డు బోడిగా ఉంటుంది మేడం, బంధువులు ఏమన్నా అనుకుంటరు అన్నాడతను. అనుకోకుండా ఏం పెట్టాలో ఆలోచించడానికే వచ్చానన్నాను.

తీసేసిన చోట “మీరు తప్పక రావాలి” అని రాశాను. చూడ్డానికి బాగుంది. మర్యాదగా ఉంది. చెల్లె చదివి సరేనంది. మచ్చుకు నాలుగు కార్డులు తీయించి, ముందుగా మొగుళ్లపల్లిలో ఉన్న మా మేనత్తకు ఇవ్వడానికి ఇద్దరం బస్సెక్కాం. ఇంటి ఆడబిడ్డ కాబట్టి మొదటి కార్డు ఆమెకే.

అత్తమ్మకు డెబ్బై దాటాయి. మామయ్య పోయి చాలా ఏళ్లయింది. కార్డు నా చేతే చదివించుకుంది. ఆ తర్వాత అడిగింది.

“మీరు అంటే నేనొక్కదాన్నేనా బిడ్డా? జోడు లేనిదాన్నని ఒక్కదాన్నే రమ్మంటున్నరా?”

మీరు అన్న మాట మర్యాదకూ వాడతాం, పదిమందికీ వాడతాం. దంపతులకు ఇస్తే ఇద్దరూ అని అర్థం చేసుకుంటారు. పిల్లలున్నవాళ్లు అందరమూ అనుకుంటారు. ఒంటరిగా ఉన్న మనిషికి మాత్రం అది నువ్వొక్కదానివే అని వినిపిస్తుంది. బడిలో ఏళ్ల తరబడి ఈ మాట గురించి పిల్లలకు చెప్పినదాన్ని. ఇంత తేడా ఉంటుందని ఎప్పుడూ తట్టలేదు. అంతేకాదు, అత్తమ్మకు చూపు సరిగా ఆనదు. మొగుళ్లపల్లి నుంచి జనగామ దాకా రెండు బస్సులు మారి ఒంటరిగా ఎలా వస్తుంది?

చెల్లె ఆమె పక్కన కూర్చొని చెయ్యి పట్టుకుంది. “నీ ఎంబడి ఒకరు వస్తరు అత్తమ్మా. నీకు ఎవరు కావాల్నో వాళ్లనే తీసుకరా. జర పెద్దోళ్లను” అంది. అత్తమ్మ తలూపింది. పక్కింటి ఆమెను తెచ్చుకుంటానంది. మనవరాలిని తెస్తానంటుందేమో అనుకున్నాను. అనలేదు.

తిరుగు బస్సులో ఆ కార్డు మార్చాల్సిందే అనుకున్నాం. ఎవరిని పిలుస్తున్నామో వాళ్ల పేర్లు కార్డు మీదే చేత్తో రాయాలి. మీరు అనకుండా మీరిద్దరూ అనాలి, లేదా మీరూ మీ వెంట ఒకరూ అనాలి. పిల్లల మాట దాచిపెడితే ప్రతి ఇంట్లోనూ ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు. కాబట్టి దాచకూడదు. వద్దు అన్న మాటా ఉండకూడదు. ఎన్నో కాగితాలు చించాక చివరికి ఇలా కుదిరింది:

“ఇది చిన్న పెళ్లి. హాలు కూడా చిన్నదే. పెద్దవాళ్లం కొద్దిమందిమే కలుసుకుంటున్నాం. పైన పేర్లు రాసిన వారి కోసం కుర్చీలు వేసి ఎదురుచూస్తుంటాం. మా ఇంట్లో పిల్లలు కూడా ఆ రోజు ఇంటి దగ్గరే ఉంటారు. మీ పిల్లలను తర్వాత మా ఇంటికి ప్రత్యేకంగా పిలుచుకుంటాం.”

మా ఇంట్లో పిల్లలు అన్న వాక్యం నేను పట్టుబట్టి పెట్టించాను. నాకు పదేళ్ల అమ్మాయి ఉంది. దాన్ని తీసుకెళ్తూ ఇతరులను వద్దంటే ఎవరూ క్షమించరు. పిన్ని పెళ్లికి నేనెందుకు రావొద్దు అని అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పాప పెళ్లికొడుకు కూతురే కాబట్టి ఆ ఒక్కతే ఉంటుందని, అడిగినవాళ్లకు నోటితో చెప్పాలనుకున్నాం. చెల్లెతో పనిచేసే ఒకామెకు చంటిబిడ్డ. పాలు తాగే బిడ్డను వదిలి ఎలా వస్తుంది? ఆమెకు చెల్లె తానే ఫోన్ చేసి, బిడ్డతోనే రమ్మని చెప్పింది. ఇంకా పెళ్లి కాని ఇంకో నర్సు, తాను చేసుకోబోయే అబ్బాయిని తీసుకురావచ్చా అని అడిగితే, అతని పేరు కనుక్కొని ఆమె పేరు పక్కనే రాశాం. పేరు రాసింది చూసి ఆ అమ్మాయి మురిసిపోయిందట.

ఇక అన్ని కార్డులూ సాఫీగా వెళ్తాయనుకున్నాను. ఒక్క ఇంట్లో ఆగిపోయింది. అది మా అన్న ఇల్లు.

అన్నకూ వదినకూ స్వయంగా వెళ్లి ఇవ్వాల్సింది. పరీక్షల పేపర్లు దిద్దే పనిలో ఉండి, కేసముద్రం వెళ్తున్న ఒక బంధువు చేతికిచ్చి పంపాను. అన్న పేరు, వదిన పేరు, అమ్మ పేరు. ఆ సాయంత్రమే కుటుంబం వాట్సాప్ గ్రూపులో కార్డు ఫోటో వచ్చింది. పెట్టింది వదిన. కింద ఒక్క వాక్యం: “సొంత మేనత్త పెండ్లిల మా పిల్లలకు కుర్చీ లేదట.” ఒక్కొక్కరే కదిలారు. ఒకామె గిట్ల ఎక్కడన్న ఉంటదా అని రాసింది. ఇంకొకరు కొత్త ఫ్యాషన్లు అన్నారు. దూరపు పెద్దమ్మ వరసామె ఒకరు పెట్టిన మాట ఇంకా నా కళ్ల ముందే ఉంది: పిల్లలు పుట్టనోళ్లకు పిల్లల విలువేం తెలుస్తది.

చెల్లె ఆ గ్రూపులోనే ఉంది. చూసింది. ఏమీ రాయలేదు. నేను ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానని పెట్టేసింది.

ఆదివారం నేను కేసముద్రం వెళ్లాను. అన్న దుకాణంలో ఉన్నాడు. వదిన పెరట్లో బట్టలు ఆరేస్తూ నన్ను చూసి ఆపలేదు. అమ్మ మంచం మీద కూర్చొని ఉంది. నేను వచ్చిన పని ఆమెకు తెలుసు. ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్లకు కోపం వస్తుందని పెదవి విప్పలేదు.

కార్డు మనిషి చేత పంపినందుకు ముందు క్షమాపణ చెప్పుకున్నాను. మా అమ్మాయి కూడా రావడం లేదన్నాను. హాలు చిన్నదన్నాను. వదిన తడి చీర దులిపి తీగ మీద వేసింది.

“హాలు చిన్నదైతే ఇద్దరు పోరగాండ్లు నా ఒడిల కూసుంటరు. గది కాదు సంగతి. ఆమెకు పిల్లల్ని జూస్తే కడుపుల మంట. గది నాకు తెలుసు. మా పిల్లలు పుట్టినప్పుడు గూడ ఒక్కనాడు ఎత్తుకోలె.”

అది అబద్ధం. చెల్లె మా అన్న కొడుకును ఎత్తుకొని ఊరంతా తిప్పింది. కానీ అప్పటి సంగతులు తవ్వి లాభం లేదు. అసలు మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీ బిడ్డ అడిగిన మాటకే ఇదంతా అని ఒక్క ముక్క అంటే చాలు. అంటే వదిన జీవితంలో నన్ను క్షమించదు. లోపల గదిలో కూర్చున్న ఆ పిల్లకు, తన వల్లనే అత్త పెళ్లిలో ఇంత రభస అని తెలిసిపోతుంది. అనకపోతే, చెల్లె మీద పడ్డ నింద అలాగే ఉండిపోతుంది.

“కారణం ఉంది వదినా. నేను చెప్పేది కాదు” అన్నాను.

“చెప్పరాని కారణమే గదా నేను అంటున్నది” అంది వదిన. మేమెవ్వరం రామని, అమ్మ కావాలంటే ఒక్కతే వస్తుందని తేల్చేసింది.

స్టేషన్‌లో రైలు కోసం కూర్చొని చెల్లెకు ఫోన్ చేశాను. ఒట్టు తప్పలేదని చెప్పాను. వదిన అన్నవన్నీ చెప్పలేదు. చెల్లె మాత్రం గ్రహించింది. నువ్వు రైలెక్కకు, నేనే వస్తున్న అంది.

జనగామ నుంచి ఆమె వచ్చేసరికి సాయంత్రమైంది. ఇద్దరం మళ్లీ ఆ ఇంటికి వెళ్లాం. అన్న కూడా దుకాణం మూసి వచ్చాడు. చెల్లెను చూసి వదిన లేచి లోపలికి పోబోయింది. చెల్లె ఆమెను ఆపలేదు. గడప దగ్గరే నిలబడి మొదలుపెట్టింది. ఎవరినీ వేలెత్తి చూపకుండా మాట్లాడింది. పాప చాలా భయపడుతోందని, తల్లి గురించి ఎవరైనా పిల్లలు అడిగితే తట్టుకోలేకపోతున్నదని, పిల్లలు అడగడం తప్పు కాదని, అడిగేది తెలుసుకోవడానికేనని చెప్పింది. బడిలో అడిగారు, వీధిలో అడిగారు అంది. కేసముద్రం పేరెత్తలేదు.

“నేను ఆ పిల్లకు మాట ఇచ్చిన వదినా. ఆ మాట తప్పితే నన్ను ఎట్ల నమ్ముతది? నన్ను ఏమన్న అనుకోండ్రి. గొడ్రాలు అనుకోండ్రి. కానీ గా ఒక్క రోజు నాకియ్యండ్రి.”

ఆ మాట ఆమె నోట విని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న తల దించుకున్నాడు.

అప్పుడు లోపలి గది తలుపు దగ్గర నుంచి మా అన్న కూతురు వచ్చింది. అంతా విన్నట్టుంది. చెల్లె ముందు నిలబడి, చాలా నెమ్మదిగా అంది.

“నేను గూడ అడిగిన చిన్నత్తా. మెట్ల మీద. ఆ పాప ఏం చెప్పలే.”

వదిన గిర్రున తిరిగింది. చెయ్యి లేచింది. చెల్లె చటుక్కున పిల్లను తనవైపు లాక్కుంది. నువ్వడిగింది తప్పు కాదు బిడ్డా అంది. పిల్ల ఏడవలేదు. వదిన లేచిన చెయ్యి అట్లాగే ఆగింది. తర్వాత కిందికి దిగింది. ఆమె నా వైపు చూసింది. పొద్దున నేను మింగిన మాట ఏమిటో అప్పుడు ఆమెకు అర్థమైంది.

ఎవరూ ఎవరినీ క్షమించమని అడగలేదు. వదిన వంటగదిలోకి పోయి చాయ్ పెట్టింది. కప్పు నా చేతికిస్తూ ఒక్క మాట మాత్రం అంది. “ఇంట్లోళ్లకు కార్డు పంపుడు ఏంది. ముందుగాల వచ్చి నోటితోని చెప్తె, నేను గట్ల గ్రూపుల పెడుదునా?” ఆమె చెప్పింది న్యాయమే.

ఆ తర్వాత గ్రూపులో వదిన ఇంకో వాక్యం పెట్టింది. మేమిద్దరం పోతున్నం, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటరు అని. కారణం రాయలేదు. పిల్లలు పుట్టనోళ్ల మాట అన్నామె దానికి ఏమీ బదులివ్వలేదు, పెళ్లికీ రాలేదు.

పెళ్లి రోజు సంతకాలయ్యాక హోటల్‌కు చేరాం. అత్తమ్మ పక్కింటి ఆమెతో వచ్చింది. పాప ఆకుపచ్చ గౌను వేసుకొని తండ్రికీ చెల్లెకూ మధ్య కుర్చీలో కూర్చుంది. మేడ మెట్లెక్కి ఎవరు వచ్చినా ఆ పిల్ల కళ్లు గుమ్మం మీదికి పోతున్నాయి. నా కళ్లూ అంతే. చంటిబిడ్డ వచ్చినప్పుడు మాత్రం పాప వంగి ఒకసారి చూసింది.

భోజనాలు మొదలయ్యే వేళకు మరిదితో గనిలో పనిచేసే ఒకాయన, భార్య, ఇద్దరు పిల్లలతో మెట్ల కింద ఆటో దిగాడు. కార్డులో ఇద్దరి పేర్లే రాశాం. వాళ్లు చూసుకోలేదో, చూసి కూడా పెళ్లి పెళ్లే కదా అనుకున్నారో తెలియదు. అంత దూరం భూపాలపల్లి నుంచి వచ్చిన మనుషులను కిందనే ఎలా ఆపడం? మెట్ల మీద నేను నిలబడి ఉండగానే వదిన నన్ను దాటుకొని కిందికి దిగింది.

ఆమె వాళ్లను రండి రండి అంటూ పలకరించింది. పైన కుర్చీలు నిండినయ్, పిల్లలకు ఆకలైతున్నట్టున్నది, కింద ఏసీ గదిల కూసుందాం అంది. ఆ ఇల్లాలిని, పిల్లలను కింది హోటల్ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆయనను మాత్రం పైకి పంపింది. పిల్లలకు గులాబ్‌జామూన్ తెప్పించింది. తానూ వాళ్లతోనే కూర్చొని తిన్నది. ఆ ఇల్లాలికి తనను పక్కన పెట్టారని అనిపించనే లేదు. పెళ్లికూతురి వదినే స్వయంగా మర్యాద చేసిందని తర్వాత మెచ్చుకున్నదట. వాళ్లు వెళ్లేముందు ఆ ఇల్లాలు ఒక్కతే పైకొచ్చి అక్షింతలు వేసి వెళ్లింది.

పైన పాపను ఎవరూ ఏమీ అడగలేదు. అత్తమ్మ మాత్రం దగ్గరికి పిలిచి, నీకు పప్పు ఇష్టమా, చారు ఇష్టమా అని అడిగింది. పాప చాలాసేపు ఆలోచించి చారు అంది.

అన్ని ఇళ్ల పిల్లలనూ తర్వాత పిలుచుకుంటామని కార్డులో రాశాం కదా, చెల్లె దాన్ని ఊరికే పోనివ్వలేదు. అందరినీ ఒకేసారి పిలవకుండా, నెలకు ఒక ఇంటి పిల్లలను ఆదివారం భూపాలపల్లిలో వాళ్లింటికి భోజనానికి పిలుస్తోంది. ముందు మా అమ్మాయి వెళ్లింది. మా అన్న కూతురి వంతు వచ్చినప్పుడు అది వెళ్లనని మొరాయించింది. వదినే వెంటబెట్టుకొని భూపాలపల్లి తీసుకెళ్లింది. పిల్లలిద్దరూ ఆ రోజు పెద్దగా మాట్లాడుకోలేదట. టీవీ ముందు చెరో చివర కూర్చున్నారట. వచ్చేటప్పుడు పాప గేటు దాకా వచ్చిందని, మళ్లీ రమ్మని మాత్రం అనలేదని వదిన ఫోన్లో చెప్పింది. చెప్తున్నప్పుడు ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. పోయిన వారం ఆమె మళ్లీ ఫోన్ చేసింది. దసరా సెలవుల్లో ఇంకోసారి తీసుకెళ్తానంది.

పాప ఇప్పటికీ మా చెల్లెను ఆంటీ అనే పిలుస్తుంది. చెల్లె దిద్దదు.